తిత్లీలో ఎగిరిపోని పైకప్పు

స్కాలర్‌షిప్ వ్యాసం రాయాలనగానే మన జిల్లా పిల్లలకు నలుగురూ ఇచ్చే సలహా దాదాపు ఒకటే: కష్టాలు రాయి, చదివినవాళ్ళకు కన్నీళ్ళు రావాలి. ఈ సలహా ఇచ్చేవాళ్ళకు పిల్లల మేలు తప్ప మరో ఉద్దేశం ఉండదని నాకు తెలుసు. అయినా అది తప్పు సలహా అంటాను. అబద్ధం ఆడకూడదు కాబట్టి తప్పనడం లేదు. అది వేరే చర్చ, దాన్ని ఇంట్లో పెద్దవాళ్ళు చూసుకుంటారు. డబ్బు అవసరమైన పిల్లకు ఆ డబ్బు రావడానికి అది అడ్డు పడుతుంది కాబట్టి తప్పంటున్నాను. నేను శ్రీకాకుళంలో ఇంటర్మీడియట్ పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. మా కళాశాల పాత విద్యార్థులు కొందరు కలిసి నడిపే చిన్న నిధికి వేసవిలో వచ్చే దరఖాస్తులను చదివి, ఎవరిని మాట్లాడడానికి పిలవాలో చెప్పే పని కూడా నా మీద పడుతుంది. ఆ కట్టల్లో ఏది చెయ్యి ఆపుతుందో, ఏది పక్కకు పోతుందో చూస్తూ వస్తున్నాను కాబట్టి ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నాను.

ఈ వ్యాసం రాయడానికి కారణం మా పెద్దమ్మగారి మనవరాలు. నాకు వరసకు అక్క కూతురు, నన్ను పిన్నీ అని పిలుస్తుంది. వాళ్ళది పలాస దగ్గర ఉద్దానంలో ఒక ఊరు. తన పేరు రాయవద్దంది, మిగతాదంతా రాసుకోమంది. ఎంపీసీతో ఇంటర్ పూర్తిచేసి, విశాఖపట్నంలో బీఎస్సీ స్టాటిస్టిక్స్‌లో చేరాలనుకుంటూ, ఒక ప్రైవేటు ట్రస్టు ఇచ్చే స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టుకుంది. మర్నాడు సాయంత్రం ఐదింటికి పోర్టల్ మూసేస్తారనగా, పలాసలో రైలెక్కి ఆమదాలవలసలో దిగి, వ్యాసం ఒకసారి చూడమని మా ఇంటికి వచ్చింది. 500 మాటలకు మించకుండా రాయాలి. ప్రశ్న కూడా సూటిగానే ఉంది: మీ చుట్టూ ఉన్న ఒక సమస్యను గుర్తించి మీరేం చేశారు, దాని వల్ల ఏం తెలుసుకున్నారు? కింద మరో చిన్న గడిలో, చదువులో ఎక్కడైనా వెనకబడి ఉంటే కారణం రాయవచ్చు అని ఉంది. ఆ గడిని తను ఖాళీగా వదిలేసింది.

తను రాసుకొచ్చిన వ్యాసం 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున మొదలవుతుంది. తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటుతున్న ఆ వేళ వాళ్ళ ఇంటి పైకప్పు ఎగిరిపోయింది. ఆ తరువాత కిరసనాయిలు దీపం వెలుగులో చదువు. ఆ తరువాత ఊరంతా కిడ్నీ జబ్బుతో మంచం పట్టడం, అది చూసి ఈ అమ్మాయి గుండె తరుక్కుపోవడం. ఆపైన అమ్మ పనిచేసే జీడిపప్పు కర్మాగారంలో 40 మంది ఆడవాళ్ళను కూడగట్టి వేతనాలు పెంచించడం. చివరికి ఐఏఎస్ అధికారిణియై దేశానికి సేవ చేయాలన్న ఆశయం. ఇంగ్లీషు తప్పుల్లేకుండా, బరువైన మాటలతో ఉంది. రెండో సంవత్సరంలో తనకు పాఠం చెప్పిన సారు దిద్దారట.

ఇబ్బంది ఏమిటంటే ఆ ఇల్లు నాకు తెలుసు. అది స్లాబు ఇల్లు. తిత్లీకి ఉద్దానంలో పెంకుటిళ్ళు, రేకులిళ్ళు ఎన్నో దెబ్బతిన్నాయి గాని, వీళ్ళ ఇంటికి ఏమీ కాలేదు. ఇరుగుపొరుగు వాళ్ళు వచ్చి తలదాచుకున్నది ఆ ఇంట్లోనే.

నేను అబద్ధమని నిలదీయలేదు. దరఖాస్తు ఎలా చదువుతారో మాత్రం చెప్పాను. చదివేవాళ్ళు వ్యాసంతో మొదలుపెట్టరు. ముందు మార్కుల మెమో చూస్తారు, తహసీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం చూస్తారు, కళాశాలవారి సిఫారసు లేఖ ఉంటే అదీ చూస్తారు. కుటుంబానికి డబ్బు లేదన్న సంగతి వ్యాసం దాకా రాకముందే తేలిపోతుంది. కాబట్టి పేదరికాన్ని రుజువు చేయడానికి ఆ 500 మాటలు ఖర్చుపెట్టనక్కరలేదు. ఈ పిల్ల ఒక సంగతిని ఎలా గమనిస్తుంది, గమనించి ఏం చేస్తుంది, చేసింది ఫలించకపోతే ఏమంటుంది, ఇంటికి దూరంగా మూడేళ్ళు చదువు నిలబెట్టుకుంటుందా అన్నది కాగితాల్లో దొరకదు. వ్యాసం అడిగేది దానికోసం. పైగా శ్రీకాకుళం నుంచి వచ్చిన కట్టలో తుఫాను రాత్రితో మొదలయ్యే వ్యాసాలు ఒకటి రెండు కాదు. నిజంగా ఇల్లు పోయిన పిల్లలవీ వాటిలో ఉంటాయి. పోయినవాళ్ళు ఏ సామాను ముందు పట్టుకున్నారో, ఎవరి వాకిట్లో ఎన్నాళ్ళు పడుకున్నారో రాస్తారు. పోనివాళ్ళు గాలి హోరు గురించి రాస్తారు. పక్కపక్కన పెట్టి చదివితే తేడా తెలియడానికి పెద్ద తెలివి అక్కరలేదు.

కిడ్నీ జబ్బు ముచ్చట నాకు ఇంకొంచెం కష్టం కలిగించింది. ఉద్దానంలో దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఎన్నో కుటుంబాలను తినేస్తున్న మాట నిజం. దానికి కచ్చితమైన కారణం ఇంతవరకు తేలలేదన్నదీ నిజం. కాని ఈ అమ్మాయి ఇంట్లో ఎవరికీ ఆ జబ్బు లేదు, తను ఆ విషయంలో చేసిందీ లేదు. డయాలసిస్‌కు తండ్రిని వారానికి రెండు మూడుసార్లు తీసుకెళ్ళే పిల్ల అదే ట్రస్టుకు దరఖాస్తు పెట్టి ఉండవచ్చు. ఊరి పేరు చెప్పుకుని పక్కింటి బాధను మన ఖాతాలో రాసుకోవడం నాకు నచ్చదు, ఆ మాట తనతో అన్నాను. ఆ పేరా తను మారు మాట్లాడకుండా కొట్టేసింది.

భోజనాలయ్యాక, దాదాపు పదకొండున్నరకు, కాగితం పక్కన పెట్టి తిత్లీ తరువాత నిజంగా ఏమైందో చెప్పమన్నాను.

"ఏటుంది పిన్నీ అందులో? అందరి చెట్లూ పడిపోయినట్టే మావీ పడిపోయాయి" అంది.

అందులో ఉన్నదేమిటో తను చెబుతుంటేనే బయటపడింది. వాళ్ళకు ఎకరంన్నర జీడితోట, గట్ల మీద కొన్ని కొబ్బరిచెట్లు ఉండేవి. తోట చాలావరకు వేళ్ళతో సహా లేచిపోయింది. కూలిన ఇంటిని ఏడాదిలోనో రెండేళ్ళలోనో మళ్ళీ కట్టుకోవచ్చు గాని, తోట అలా కాదు. జీడి అంటుమొక్క నాటితే మూడో ఏట నాలుగు పిక్కలు కనిపిస్తాయి. ఇల్లు గడిచేంత కాపు రావాలంటే ఏడెనిమిదేళ్ళు పడుతుంది. నాటు కొబ్బరి కాపుకొచ్చేదీ ఇంచుమించు ఆరేడేళ్ళకే. ఆ మధ్యకాలం ఎలా గడవాలి? వాళ్ళ నాన్న హైదరాబాదులో భవన నిర్మాణం పనులకు వెళ్ళాడు. వాళ్ళమ్మ అంతకుముందు తమ తోటలో జీడిపిక్కలు ఏరుకునే మనిషి, పలాసలో ఇంకొకరి పప్పు ఒలవడానికి కుదిరింది. తుఫాను నాటికి పదేళ్ళ పిల్ల, మొక్కలు చెట్లయ్యేలోగా ఇంటర్ పూర్తిచేసింది. తన చదువు మొత్తం ఆ ఖాళీ ఏళ్ళలోనే నడిచింది. ఎగిరిపోయిన పైకప్పు ఒక్క రాత్రి కథ. ఇది ఏడేళ్ళ కథ, పైగా బయటివాళ్ళకు తెలియనిది.

ఆ తరువాత నోటు పుస్తకం సంగతి వచ్చింది. అది తన సంచిలోనే ఉంది, వెనక పేజీల్లో ఫిజిక్సు లెక్కలు వేసుకోవడానికి తెచ్చుకుందట. పొడుగాటి లెక్కల పుస్తకం, అట్టకు జీడినూనె మరక. లోపల పెన్సిలుతో గీసిన నిలువు గడులు: తేదీ, ఒలిచింది, గుండు, బద్ద, ముక్క, పట్టుకున్నది. చివరి గడిలో కూలి నుంచి కోసిన డబ్బు.

జీడిపప్పు పని తెలియనివాళ్ళ కోసం కొంచెం చెబుతాను. పిక్కలను కాల్చి గాని, ఆవిరి పట్టించి గాని, పెంకు కొట్టి పప్పు తీస్తారు. ఆ పప్పు మీద ఎర్రటి పొట్టు అంటుకుని ఉంటుంది. దాన్ని వేడి గదిలో గంటల తరబడి ఆరబెడితే పొట్టు వదులవుతుంది, అప్పుడు ఆడవాళ్ళు చేతితోనూ చిన్న కత్తితోనూ ఒలుస్తారు. విరగని పప్పు గుండు, రెండుగా చీలింది బద్ద, మిగిలింది ముక్క. ధర గుండుకే ఉంటుంది కాబట్టి ముక్క ఎక్కువైతే ఒలిచినామె కూలిలో కోస్తారు. వాళ్ళమ్మ కూలిలో కోత కొన్ని రోజులు మామూలుగా, కొన్ని రోజులు రెట్టింపు ఉండేది. "మీ చెయ్యి తేలిగ్గా ఆడటం లేదు" అని మేస్త్రీ అనేవాడట.

పదకొండో తరగతి వేసవిలో ఈ అమ్మాయి రోజూ సాయంత్రం వాళ్ళమ్మను అడిగి ఆ గడులు నింపింది. నెల గడిచాక చూస్తే, 8 కిలోలు ఒలిచిన రోజున ముక్క సాధారణంగా 900 గ్రాముల చుట్టూ ఉంది. కొన్ని రోజుల్లో మాత్రం 8 కిలోలకే కిలోన్నర దాటింది. చెయ్యి అదే, కత్తి అదే. ఆ రోజులు ఏవని చూస్తే, ఎక్కువగా వానపడిన మర్నాడో, పప్పును వేడి గది నుంచి త్వరగా దించిన రోజో. పప్పు సరిగ్గా ఆరకపోతే పొట్టు పట్టుకుని ఉంటుంది, కత్తితో గీకాలి, గీకితే విరుగుతుంది. మరీ ఎక్కువ ఆరినా పెళుసెక్కి విరుగుతుందని వాళ్ళమ్మ చెప్పింది. తేమ తెలుసుకునే సాధనం వాళ్ళ దగ్గర లేదు కాబట్టి, "పట్టుకున్నది" అన్న గడిలో పొట్టు గట్టిగా ఉందని వాళ్ళమ్మ అంటే ఒక టిక్కు పెట్టేది, అంతే.

ఆ పుస్తకం తీసుకెళ్ళి మేస్త్రీకి చూపించింది. దాని ఫలితం మొదటి వ్యాసంలో 40 మంది ఆడవాళ్ళ ఉద్యమంగా, పెరిగిన వేతనాలుగా మారిపోయింది. నిజంగా జరిగింది అంతకన్నా చాలా చిన్నది. మేస్త్రీ మొదట కసిరాడు. తరువాత, టిక్కు ఉన్న రోజులకు వాళ్ళమ్మ ఒక్కదానికి కోత ఆపాడు, ఎవరికీ చెప్పొద్దన్నాడు. పక్కన కూర్చునే ముగ్గురికి సంగతి తెలిసి, తమ లెక్క కూడా రాసిపెట్టమన్నారు. రాసింది. కళాశాల తెరిచాక రాయడం కుదరలేదు. కోత మళ్ళీ మొదలైంది. కథ అక్కడికి అయిపోయింది.

"ఇలాగ రాస్తే ఓడిపోయినట్టు ఉంటుంది కదా పిన్నీ" అని అడిగింది.

ఈ ప్రశ్న దగ్గర మేమిద్దరం చాలాసేపు ఆగాము. నా వాదనకు ఇదే ఆయువుపట్టు కాబట్టి ఇక్కడ కూడా కాసేపు ఆగుతాను. 40 మందిని కూడగట్టి వేతనాలు పెంచించానని పదిహేడేళ్ళ అమ్మాయి రాస్తే, చదివేవాళ్ళకు వెంటనే ప్రశ్నలు పుడతాయి. ఎంత నుంచి ఎంతకు పెరిగింది? యజమాని ఎందుకు ఒప్పుకున్నాడు? నీతో ఎవరు నిలబడ్డారు? వీటికి జవాబు వ్యాసంలో లేదు, ఎందుకంటే జవాబే లేదు. అబద్ధానికి వివరం ఉండదు. వివరం కల్పిస్తే ఇంకో వివరం కల్పించవలసి వస్తుంది, 500 మాటల్లో దానికి చోటుండదు. కాబట్టి పెద్ద మాట ఒక్కటి చెప్పి దాటిపోవలసి వస్తుంది. "ముగ్గురికి రాశాను, కళాశాల తెరిచాక ఆగిపోయింది, కోత మళ్ళీ మొదలైంది" అన్న మాటలో మాత్రం ఎక్కడా కన్నం లేదు. పైగా దాని నుంచి తరువాతి వాక్యం దానంతటదే వస్తుంది: లెక్క రాసే మనిషి వెళ్ళిపోగానే ఆగిపోయే పని ఎందుకు నిలవలేదు, నిలవాలంటే ఏం కావాలి. ప్రశ్నపత్రం అడిగిన "ఏం తెలుసుకున్నారు" అన్నదానికి తొలి వ్యాసంలో "ఐకమత్యమే బలం" అని ఉంది. రెండోసారి తను రాసింది ఇది: చేతిదే తప్పని అందరూ అనుకున్నప్పుడు, ఒక్కరోజు లెక్క చూస్తే ఆ మాట నిజమే అనిపిస్తుంది, నెల లెక్క చూస్తే కాదనిపిస్తుంది. ఆ తేడా ఎందుకు వస్తుందో చదువుకోవాలని స్టాటిస్టిక్స్ ఎంచుకున్నాను. ఐఏఎస్ మాట దానంతటదే రాలిపోయింది. కోర్సుకూ జీవితానికీ మధ్య ఉన్న ముడి కనబడింది. స్టాటిస్టిక్స్‌లో సీటు కోరుకుంటూ ఐఏఎస్ గురించి రాసిన మొదటి వ్యాసంలో ఆ ముడి లేనేలేదు.

పన్నెండు దాటాక ఖాళీ గడి దగ్గరికి వచ్చాము. మొదటి సంవత్సరం మార్చి పరీక్షల్లో గణితం 1బీలో 75కు 22 వచ్చాయి. గట్టెక్కడానికి 26 కావాలి. సప్లిమెంటరీలో 58 తెచ్చుకుంది. కారణం అమ్మ పని అని రాద్దామా అని తనే అడిగి, తనే కాదంది. అసలు కారణం ఏమిటంటే, సరళరేఖాయుగ్మాల దగ్గర పాఠం అర్థం కాలేదు, అడగడానికి సిగ్గుపడింది, 7 మార్కుల జవాబులు బట్టీపట్టింది, పరీక్షలో అంకెలు మార్చి ఇచ్చేసరికి చేతులెత్తేసింది. సప్లిమెంటరీకి ముందు పక్కవీధిలో డిగ్రీ చదివే ఒక అక్క దగ్గర కూర్చుని ఆ ఒక్క అధ్యాయం మొదటి నుంచి నేర్చుకుంది. ఇదంతా నాలుగు వాక్యాల్లో రాసింది. సాకు లేదు, గుండెలు బాదుకోవడం లేదు. ఈ గడిని ఖాళీగా వదిలితే చదివేవాళ్ళు తమకు తోచిన కారణం వేసుకుంటారు. స్టాటిస్టిక్స్ చదువుతానన్న పిల్లకు గణితంలో 22 కనిపించినప్పుడు తోచే కారణం ఏమంత మంచిది కాదు. 22 నుంచి 58కి ఎలా వచ్చిందో తెలిస్తే, అదే మెమో ఆమె తరఫున మాట్లాడుతుంది.

నిజాయితీ అంటే ఇంటి గుట్టంతా విప్పడం అనుకునేవాళ్ళూ ఉన్నారు, దాన్నీ నేను ఒప్పుకోను. ఆ ఇంట్లో ఒక అప్పు ఉంది. దాని చుట్టూ అన్నదమ్ముల మధ్య ఒక గొడవ ఉంది. అది రాస్తే జాలి పుడుతుందేమో గాని, అడిగిన ప్రశ్నకు దానితో సంబంధం లేదు. పైగా అది తన ఒక్కదాని సంగతి కాదు, వాళ్ళమ్మానాన్నలది కూడా. చెప్పకపోవడం వేరు, లేనిది చెప్పడం వేరు. కర్మాగారం పేరు కూడా తీసేయమన్నాను. వాళ్ళమ్మ ఇంకా అక్కడే పనిచేస్తోంది.

మరి నోటు పుస్తకం లేని పిల్లల మాటేమిటి అని మా సహోద్యోగి ఒకరు అడిగారు. అందరికీ ఇలాంటి కథ దొరకదు, దొరకనివాళ్ళకు తుఫానే గతి అని ఆయన వాదన. ఈ అమ్మాయి కూడా రాత్రి పదకొండున్నర దాకా తన దగ్గర కథ లేదనే అనుకుంది. పుస్తకం సంచిలో ఉన్నా దానిని లెక్కలోకి తీసుకోలేదు, ఎందుకంటే అందులో కన్నీళ్ళు లేవు. తమ్ముడికి లెక్కలు చెప్పే పిల్ల ఏ లెక్క దగ్గర వాడు ఆగిపోతున్నాడో గమనించి ఉంటుంది. రేషను క్యూలో నాన్నమ్మ తరఫున నిలబడే పిల్ల వేలిముద్ర ఎందుకు పడటం లేదో చూసి ఉంటుంది. నా దగ్గరికి వచ్చే దరఖాస్తుల్లో ఇలాంటివి ఎక్కడో ఒక అరవాక్యంలో దొర్లి, మళ్ళీ కష్టాల వర్ణనలో కలిసిపోతుంటాయి. ఆ అరవాక్యం పట్టుకుని ఆ పిల్లలను పిలిపించిన సందర్భాలు ఉన్నాయి. ఏమీ గమనించని, ఏమీ చేయని పిల్లలూ ఉంటారు, కాదనను. వాళ్ళకు తుఫాను పేరాలు కూడా ఉపయోగపడవు.

కొత్త వ్యాసం ముందు తెలుగులో మాట్లాడుతున్నట్టే రాసుకుంది, తరువాత ఇంగ్లీషులో చిన్న వాక్యాలతో పెట్టింది. మొదటిసారి 640 మాటలు వచ్చాయి. కోయవలసి వచ్చినప్పుడు తను ముందు కోయబోయింది గ్రాముల లెక్క, దాన్ని ఉంచమన్నాను. జీడితోట అందం, అమ్మ త్యాగం, తుఫాను హోరు పోయాయి. తిత్లీ ఒక్క వాక్యంగా మిగిలింది: చెట్లు పడ్డాయి, కొత్తవి కాపుకు రావడానికి పట్టే ఏళ్ళలో అమ్మ ఒలుపు పనికి వెళ్ళింది. రెండు గంటలకు పడుకున్నాము. పొద్దున్నే పుస్తకంలో ఒక పేజీ ఫొటో తీసి, ఇతర పత్రాలు అన్న చోట జతచేసి పంపేసింది.

ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది, తరువాత స్కాలర్‌షిప్ కూడా వచ్చింది. ఈ ఫలితాన్ని నా వాదనకు రుజువుగా చూపించను, అదే ఏడాది నిజమే రాసి ఎంపిక కాని పిల్లలు మా కళాశాలలో ఉన్నారు. సీట్లు కొన్నే, అడిగేవాళ్ళు ఎందరో. ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్న మాత్రం చెప్పాలి. బోర్డులో ఒకాయన ఆ ఫొటో చూపించి, తేమ కొలవకుండా పప్పు విరగడానికి తేమే కారణమని ఎలా అన్నావని అడిగారట. నేను అలా అనలేదండి, టిక్కు ఉన్న రోజుల్లో ముక్క ఎక్కువగా ఉందని మాత్రమే రాశాను అని చెప్పిందట. టిక్కు పెట్టింది మా అమ్మ మాట మీద, అప్పటికే ఎక్కువ విరిగిన రోజున అమ్మకు పొట్టు గట్టిగా ఉన్నట్టు అనిపించి కూడా ఉండవచ్చు, అందుకే ఒలవకముందే టిక్కు పెట్టించి మళ్ళీ రాయాలి అని కూడా చెప్పిందట. ఆయన తరువాతి ప్రశ్న, మీ అమ్మగారి కోత ఇప్పుడెలా ఉంది అని. అలాగే ఉందండి అని చెప్పి వచ్చింది.